పెద్దవాళ్ళ ఫోటోల్లో ముడతలు తగ్గించడం, మనిషి పోలిక పోకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

షష్టిపూర్తి ఫోటోలు, పెళ్ళి ఆల్బమ్‌లో అమ్మమ్మ తాతయ్యల ఫోటోలు, హాల్లో పెట్టుకునే ఫ్రేములు, ఇవన్నీ టచప్‌కి వచ్చినప్పుడు కొత్తగా పని నేర్చుకుంటున్న పిల్లలు, ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్ళు నన్ను అడిగేవి దాదాపు ఇవే. ఒక్కొక్కరికి విడిగా వాయిస్ మెసేజ్ పెట్టేకన్నా ఒకచోట రాస్తే నయం అనిపించింది. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు, వరసగా చదవక్కర్లేదు. ఎక్కువగా ఫోటోషాప్ గురించే రాశాను, రోజూ నేను పనిచేసేది అందులోనే కాబట్టి.

## మొదలుపెట్టే ముందు

అసలు ఫోటోలో ముడత అంటే ఏంటి? దాంట్లో దేన్ని తగ్గించాలి?

ఫోటోలో ముడత అంటే ఒక నీడ, దాని పక్కనే ఒక వెలుగు. చర్మం మడత పడిన చోట లోపలికి లైట్ వెళ్ళదు కాబట్టి అక్కడ సన్నటి నల్ల గీత పడుతుంది, ఆ మడత అంచు పైకి లేచి ఉంటుంది కాబట్టి అక్కడ చిన్న మెరుపు పడుతుంది. ఈ రెండింటికీ తేడా ఎంత ఎక్కువుంటే ముడత అంత లోతుగా కనిపిస్తుంది. అంటే మనం చేయాల్సిందల్లా ఆ తేడాని తగ్గించడం, గీత ఉన్నచోటే ఉంటుంది, లోతు మాత్రం తగ్గుతుంది.

ఇది కంప్యూటర్ వచ్చాక కనిపెట్టిన పద్ధతేం కాదు. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో స్టూడియోల్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్ళు. నెగటివ్‌లో అన్నీ తిరగబడి ఉంటాయి కదా, ముడత నల్లగా కాకుండా తెల్లగా, అద్దంలా కనిపిస్తుంది, ఆ సన్నటి తెల్ల గీతలో సన్నగా చెక్కిన పెన్సిల్‌తో కొంచెం కొంచెం నింపితే ప్రింట్‌లో ఆ గీత అంత పల్చబడేది. పూర్తిగా నింపేస్తే ప్రింట్‌లో అక్కడ తెల్ల మచ్చ పడేది, అందుకే మంచి టచింగ్ ఆర్టిస్ట్ సగంలో ఆపేసేవాడు. ఇప్పుడు మనం ఒపాసిటీతో చేసేది కూడా ఆ సగంలో ఆపడమే.

ఏ గీతలు ఉంచాలి, ఏవి తీసేయొచ్చు? ఎలా తెలుస్తుంది?

నేను చూసేది ఒక్కటే, ఈ గీత ఆ మనిషిదా, ఆ రోజుదా. రాత్రంతా పెళ్ళి పనుల్లో నిద్ర లేక కళ్ళ కింద పడిన నలుపు ఆ రోజుది. కళ్ళజోడు తీస్తే ముక్కు మీద మిగిలిన నొక్కు ఆ రోజుది. నెత్తి మీద ట్యూబ్‌లైట్ వల్ల రెట్టింపు లోతుగా కనిపిస్తున్న నుదుటి గీతల్లో సగం ఆ లైట్‌ది. వీటిని ధైర్యంగా తగ్గించొచ్చు.

ముప్పై నలభై ఏళ్ళుగా నవ్వీ నవ్వీ పడిన కళ్ళ పక్క గీతలు, ముక్కు పక్క నుంచి నోటి దాకా వచ్చే మడత, ఎప్పుడూ కనుబొమలు ముడిచి మాట్లాడే మనిషికి ఆ రెండు కనుబొమల మధ్య నిలువు గీతలు, ఇవి ఆ మనిషివి. వీటిని పల్చన చేయండి, చెరిపేయకండి. ఎందుకంటే ఇంట్లోవాళ్ళు ఆ మొహాన్ని గుర్తుపట్టేది చాలావరకు వీటితోనే, వాళ్ళని అడిగితే చెప్పలేరు గానీ తీసేస్తే మాత్రం వెంటనే "ఏదో తేడాగా ఉంది" అంటారు.

డౌట్‌గా ఉంటే అదే మనిషివి ఆ రోజు తీసిన వేరే ఫోటోలు నాలుగు తెరిచి చూడండి. నాలుగింట్లోనూ ఉన్న గీత మనిషిది. ఒక్కదాంట్లోనే ఉంటే లైట్‌దో, ఆ క్షణందో.

పుట్టుమచ్చలు, అమ్మవారు పోసిన మచ్చలు, పచ్చబొట్టు కూడా క్లీన్ చేసేయనా?

అడగకుండా ముట్టుకోవద్దు. పెద్దావిడ గడ్డం మీద పచ్చబొట్టు చుక్క, చెంప మీద పుట్టుమచ్చ, మశూచి మచ్చలు ఇవన్నీ ముడతల కంటే గట్టి గుర్తులు. స్పాట్ హీలింగ్‌తో వరసగా క్లిక్ చేసుకుంటూ పోయేటప్పుడు చేయి అలవాటుగా వాటిమీదకి కూడా వెళ్ళిపోతుంది, జాగ్రత్త. మొటిమ, దోమ కాటు, చెదిరిన కుంకుమ ఇలాంటివి తీసేయండి.

ఫోటో తీసేటప్పుడే ముడతలు తక్కువ పడేలా చేయొచ్చా?

చేయొచ్చు, దాంతో టచప్ పని సగం తగ్గుతుంది. లైట్ చిన్నదిగా, పక్క నుంచో నెత్తిమీద నుంచో వస్తే ప్రతి ముడతకీ నీడ పడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ, మండపంలో పైన పెట్టే ఫోకస్ లైట్ ఇలాంటివే. పెద్ద సాఫ్ట్‌బాక్స్ దగ్గరగా, కళ్ళకంటే కొంచెం పైన పెట్టండి, లేదా నీడగా ఉన్న కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. ఇంకా పొట్ట దగ్గర, ఫ్రేమ్‌లో పడకుండా ఒక తెల్ల థర్మాకోల్ షీట్ పట్టుకుంటే కింద నుంచి లైట్ కొట్టి కళ్ళ కింద, గడ్డం కింద నీడలు లేచిపోతాయి. మొహం మీద జిడ్డు, చెమట టిష్యూతో అద్దండి, రుద్దొద్దు, ముడత అంచుల మీద మెరుపు తగ్గితే లోతు కూడా తగ్గినట్టే కనిపిస్తుంది.

పూర్తిగా ఫ్లాట్ లైట్ పెడితే మాత్రం మొహం పళ్ళెంలా అయిపోతుంది, ముక్కు చెంపలు ఏవీ తెలియవు, కొంచెం నీడ ఒకవైపు ఉండనివ్వండి.

## టచప్ చేసేటప్పుడు

ఫోటోషాప్‌లో స్టెప్ బై స్టెప్ ఎలా చేయాలి? ఒరిజినల్ పాడవకుండా?

ఒరిజినల్ లేయర్‌ని అస్సలు ముట్టుకోవద్దు. దాని పైన ఒక ఖాళీ లేయర్ తీసుకోండి, హీలింగ్ బ్రష్ తీసుకుని పైన బార్‌లో `Sample` దగ్గర `Current & Below` పెట్టండి. ఇలా పెడితే చదివేది కింద ఫోటో నుంచి, రాసేది ఖాళీ లేయర్ మీద. ఇప్పుడు `Alt` నొక్కి ముడతకి ఆనుకుని ఉన్న చర్మం మీద క్లిక్ చేసి, ముడత వెంబడే గీయండి. బ్రష్ సైజు ముడత వెడల్పు కంటే కొంచెమే ఎక్కువ ఉండాలి, పెద్ద బ్రష్ పెడితే పక్కన బాగున్న చర్మం కూడా మారిపోతుంది.

ఈ దశలో ముడతని పూర్తిగా తీసేయండి, అవును పూర్తిగానే, భయపడకండి. మొహం నున్నగా, వింతగా కనిపిస్తుంది. అది అయ్యాక ఆ లేయర్ `Opacity` తగ్గించుకుంటూ రండి. 100 నుంచి కిందకి రండి గానీ 0 నుంచి పైకి వెళ్ళకండి, నా అనుభవంలో పైనుంచి కిందకి వస్తేనే మనిషి వెనక్కి వచ్చిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది, అక్కడ ఆపండి.

నుదురు ఒక లేయర్, కళ్ళ పక్క ఒక లేయర్, కళ్ళ కింద ఒకటి, నోటి చుట్టూ ఒకటి, ఇలా విడివిడిగా పెట్టుకుని పేర్లు రాసుకోండి. ఒక్కో చోట ఒక్కో ఒపాసిటీ కావాలి, అన్నీ ఒకే లేయర్ మీద చేస్తే తర్వాత విడదీయలేరు.

ఒపాసిటీ ఎంత పెట్టాలి? నుదురుకీ కళ్ళకీ ఒకటేనా?

ఒకటి కాదు. 60, 70 ఏళ్ళ మనిషి మామూలుగా నవ్వుతున్న ఫోటో అయితే నేను నుదుటికి 50 దగ్గర, కళ్ళ కింద 50 దగ్గర, ముక్కు నుంచి నోటిదాకా మడతకి 30, కళ్ళ పక్క నవ్వు గీతలకి 20 నుంచి 25తో మొదలుపెడతాను. ఒపాసిటీ 30 అంటే ముడత నూటికి 30 వంతులు తగ్గింది, ఇంకా 70 మిగిలింది అని అర్థం.

ఇవి మొదలుపెట్టడానికి లెక్కలే, లైట్ గట్టిగా పడిన ఫోటోలో ఇంకో పది పెంచాల్సి రావచ్చు. ఒక్క వరస మాత్రం నేను మార్చను, హావభావం ఎక్కడ ఎక్కువుందో అక్కడ అంకె అన్నిటికంటే తక్కువ. నవ్వే మొహంలో కళ్ళ పక్కన, ఆలోచిస్తున్న మొహంలో కనుబొమల మధ్య, ఆశ్చర్యపోయిన మొహంలో నుదుటి మీద.

కళ్ళ పక్క గీతలు తీసేస్తే నవ్వు దొంగ నవ్వులా అవుతోంది, ఎందుకు?

మనస్ఫూర్తిగా నవ్వినప్పుడు పెదాలు ఒక్కటే కదలవు, కంటి చుట్టూ గుండ్రంగా ఉండే కండరం కూడా బిగుసుకుంటుంది, దాంతో చెంప పైకి లేస్తుంది, కింది రెప్ప కొంచెం పైకి వస్తుంది, కంటి చివర విసనకర్రలా గీతలు విచ్చుకుంటాయి. కెమెరా కోసం పళ్ళు చూపించే నవ్వులో నోరు మాత్రమే కదులుతుంది. ఈ తేడా ఎవరూ నేర్పకపోయినా మనందరికీ తెలుసు. మీరు ఆ గీతలు తీసేశారంటే నోరు నవ్వుతోంది, కళ్ళు నవ్వట్లేదు, చూసేవాళ్ళకి అది నటనలా అనిపిస్తుంది.

ఇంకోటి, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. కింది రెప్పకి సరిగ్గా ఆనుకుని, వెంట్రుకల కిందే, సన్నటి ఉబ్బు ఒకటి వస్తుంది, బియ్యపు గింజంత మందం. అది కంటి కింద సంచి కాదు, నవ్వు వల్ల వచ్చే ఉబ్బు, చిన్నపిల్లలు నవ్వినా వస్తుంది. సంచి అనేది దానికింకా కిందుగా, చెంప మొదలయ్యే చోట ఉంటుంది. సంచిని పల్చన చేయండి, రెప్ప దగ్గర ఉబ్బుని వదిలేయండి. దాన్ని చదును చేస్తే కన్ను పెద్దదై తేరిపార చూస్తున్నట్టు అయిపోతుంది.

విసనకర్రలో కూడా అన్ని గీతలూ ఒకలాగే తగ్గించకండి. కంటి మూల నుంచి బయల్దేరే ముఖ్యమైన గీతలు రెండో మూడో ఉంటాయి, వాటిని దాదాపు అలాగే ఉంచి, వాటి మధ్య అడ్డంగా పోయే సన్నటి గీతలు, కణతల వైపు దూరంగా వెళ్ళిపోయిన కొసలు తగ్గించండి. కొసలు పొట్టిగా అయితే చాలు, వయసు కొంచెం తగ్గినట్టుంటుంది, నవ్వు అలాగే ఉంటుంది.

ముక్కు పక్క నుంచి నోటి దాకా వచ్చే గీత తీసేస్తే మూతి అతికించినట్టు కనిపిస్తోంది

అది గీత కాదు, చెంప అక్కడితో ముగుస్తుంది, పై పెదవి భాగం అక్కడ మొదలవుతుంది. పదేళ్ళ పిల్లాడు నవ్వినా ఆ మడత వస్తుంది. అది లేకపోతే చెంపకి అంచు ఉండదు, ఉబ్బిన చెంప కాస్తా మూతి మీదకి జారిపోతుంది.

అందుకే దీనికి హీలింగ్ కంటే క్లోన్ స్టాంప్ బాగా పనిచేస్తుంది. ఖాళీ లేయర్ బ్లెండింగ్ `Lighten` పెట్టి, క్లోన్ స్టాంప్‌కి కూడా `Sample` దగ్గర `Current & Below` పెట్టి, దాని ఒపాసిటీ 15 దగ్గర ఉంచి, మడతకి ఆనుకుని చెంప వైపు చర్మాన్ని `Alt` క్లిక్ చేసి మడత లోపల రెండు మూడు సార్లు నెమ్మదిగా రాయండి. `Lighten`లో తీసుకున్న రంగు కంటే నల్లగా ఉన్నవి మాత్రమే మారతాయి కాబట్టి మడత లోతు ఒక్కటే లేస్తుంది, చర్మం మెరుపు అలాగే ఉంటుంది. ముక్కు రెక్క దగ్గర మడత మొదలయ్యే చోట అసలు ముట్టుకోవద్దు, అక్కడ నీడ తీస్తే ముక్కు వెడల్పు మారినట్టు కనిపిస్తుంది. నోటి చివర కిందకి గడ్డం వైపు జారే గీతలు మాత్రం ధైర్యంగా తగ్గించండి, అవి మనిషిని నిష్కారణంగా దిగులుగా చూపిస్తాయి.

హీలింగ్ చేసిన చోట మరకలా, పిండి పూసినట్టు వస్తోంది. ఏం తప్పు చేస్తున్నాను?

మూడు కారణాల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది.

ఒకటి, దూరం నుంచి చర్మం తీసుకొచ్చారు. హీలింగ్ బ్రష్ రంగునీ వెలుగునీ అతికించే చోటుకి తగ్గట్టు సర్దుకుంటుంది గానీ చర్మం గరుకుని మాత్రం మీరు `Alt` క్లిక్ చేసిన చోటు నుంచే తెస్తుంది. చెంప మీద రంధ్రాలు పెద్దవి, కంటి కింద చర్మం సన్నటి గుడ్డలా ఉంటుంది, చెంపని తెచ్చి కంటి కింద పెడితే దొరికిపోతుంది. పక్క నుంచే తీసుకోండి, నాలుగైదు గీతలకొకసారి మళ్ళీ `Alt` క్లిక్ చేయండి.

రెండు, జుట్టు, కనుబొమ, రెప్ప వెంట్రుకలు, కళ్ళజోడు ఫ్రేమ్ ఇలాంటి నల్ల అంచుల దగ్గరికి బ్రష్ వెళ్ళింది. హీలింగ్ ఆ నలుపుని కూడా కలుపుకుని బూడిద మరక వేస్తుంది. అంచుల దగ్గర హీలింగ్ ఆపేసి క్లోన్ స్టాంప్ వాడండి.

మూడు, గీత లోపల రంగు. మన చర్మంలో మడత లోపల పక్క చర్మం కంటే ఎర్రగానో ముదురు గోధుమగానో ఉంటుంది, వెలుగు పెంచితే నీడ పోతుంది గానీ ఆ ఎరుపు మిగిలిపోయి చారలా కనిపిస్తుంది. పైన ఇంకో ఖాళీ లేయర్ తీసి బ్లెండింగ్ `Color` పెట్టి, పక్క చర్మం రంగు తీసుకుని మెత్తటి బ్రష్‌తో ఒపాసిటీ 10 లోపు ఒక పొర వేయండి, కలిసిపోతుంది.

ఫ్రీక్వెన్సీ సెపరేషన్ చేయకపోతే ప్రొఫెషనల్‌గా రాదంటున్నారు, నిజమా?

ముడతల వరకు అయితే అవసరం లేదు, నేను పెద్దవాళ్ళ ఫోటోలకి చాలా అరుదుగా వాడతాను. ఆ పద్ధతిలో రంగు వెలుగులు ఒక లేయర్‌కి, చర్మం గరుకు ఇంకో లేయర్‌కి విడిపోతాయి. మరక మరకలుగా ఉన్న చర్మం రంగు సమానం చేయడానికి అది మంచిదే. ముడత మాత్రం రెండు లేయర్లలోనూ ఉంటుంది, లోతైన నీడ కింద లేయర్‌లో, సన్నటి గీత పై లేయర్‌లో. చాలామంది కింద లేయర్‌ని బ్లర్ చేసేసి వదిలేస్తారు, అప్పుడు నీడ పోయి గీత మాత్రం గాజు మీద గీరినట్టు మిగులుతుంది. దాన్ని కూడా తీసేస్తే మైనపు బొమ్మ. ఆ మధ్యలో ఆగే చోటు దొరకడం కష్టం.

దాని బదులు ఒక `Curves` లేయర్ తీసుకుని మధ్యలో కొంచెం పైకి లాగి, మాస్క్‌ని `Ctrl+I` కొట్టి నల్లగా చేసి, తెల్ల మెత్తటి బ్రష్ `Flow` 3 నుంచి 5 పెట్టుకుని ముడత నీడ మీద మాత్రమే కొంచెం కొంచెంగా వెలుగు వేయండి. దీంతో చర్మం మీద ఒక్క రంధ్రం కూడా పోదు. టైమ్ ఎక్కువ పడుతుంది, నిజమే, కానీ పెద్ద ఫ్రేమ్‌కి వెళ్ళే ఒక్క ఫోటో అయితే నేను దీన్నే నమ్ముతాను.

ఆల్బమ్‌కి 300 ఫోటోలు ఉన్నాయి, అన్నిటికీ ఇంత చేయలేను కదా?

చేయక్కర్లేదు. ఆల్బమ్ షీట్‌లో మొహం బొటనవేలి గోరంత వచ్చే ఫోటోలో ముడతలు ఎవరికీ కనిపించవు, వాటిని వదిలేయండి. మొహం పెద్దగా వచ్చేవి ఓ ఇరవై ఉంటాయి, వాటికి చేయండి. మధ్యరకం వాటికి లైట్‌రూమ్‌లో బ్రష్ మాస్క్‌తో చర్మం మీద మాత్రం రాసి `Texture` మైనస్ 15 నుంచి 20 పెట్టండి, కళ్ళు, కనుబొమలు, పెదాలు, బొట్టు, ముక్కుపుడక మాస్క్ నుంచి తీసేయండి. `Clarity` ఎక్కువ మైనస్ చేయకండి, మొహం చుట్టూ పొగ పట్టినట్టు అవుతుంది.

అప్పగింతల్లో నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఫోటో, మొహమంతా ముడతలే. ఎంత తగ్గించాలి?

దాదాపు ఏమీ వద్దు. ఏడుపు ఆపుకునే మొహంలో కనుబొమలు లోపలి కొసలు పైకి లేస్తాయి, నుదుటి మధ్యలో మాత్రం పొట్టి గీతలు పడతాయి, గడ్డం మీద చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడుతుంది. ఆ ఫోటోలో ఉన్న బాధ అంతా ఆ మూడింట్లోనే ఉంది. నుదురు నున్నగా చేస్తే ఆయన కంట్లో నలుసు పడి నీళ్ళు వస్తున్నట్టు ఉంటుంది. కావాలంటే చెమట మెరుపు తగ్గించండి, కళ్ళ కింద నలుపు కొంచెం లేపండి, అంతే.

## ఒక ఫోటో మొదటి నుంచి చివరిదాకా

మీరు చేసిన ఒక ఫోటో తీసుకుని ఏమేం చేశారో చెప్తారా?

డెబ్భై దాటిన ఒక పెద్దావిడ ఫోటో, మనవడి పెళ్ళిలో వరండాలో కుర్చీలో కూర్చుని ఎవరినో చూసి నవ్వుతుంటే తీసింది. లైట్ ఎడమ పక్క నుంచి గట్టిగా పడింది. 12x18 ఫ్రేమ్‌కి అడిగారు, అంటే మొహం దాదాపు అసలు సైజులో వస్తుంది.

మొదటిసారి నేను తప్పు చేశాను. మొహమంతా ఒకే లేయర్ మీద హీల్ చేసి ఒపాసిటీ 85 దగ్గర వదిలాను, నాకు చాలా బాగుందనిపించింది. వాళ్ళమ్మాయి వచ్చి చాలాసేపు చూసి, "బాగుందండీ, కానీ అమ్మ మాతో కోపంగా ఉన్నప్పుడు ఇలా నవ్వుతుంది" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు. పెదాల మీద నవ్వు అలాగే ఉంది, కళ్ళ దగ్గర నేను చెరిపేశాను, కోపంలో పైపైన నవ్వే నవ్వు అయిపోయింది.

మళ్ళీ మొదటి నుంచి చేశాను. ముందు ఎడమ లైట్ వల్ల కుడి చెంప మీద పడిన నీడని `Curves`తో కొంచెం లేపాను, అదొక్కటి చేసేసరికే కుడివైపు ముడతల్లో మూడో వంతు శాంతించాయి, హీలింగ్ అసలు మొదలుపెట్టకుండానే. నుదుటి మీద పొడుగాటి గీతలు నాలుగు, వాటిని ఒక లేయర్‌లో తీసి 50కి తెచ్చాను. బొట్టు కింద నుంచి పోయే గీతని మాత్రం ముట్టుకోలేదు, బొట్టు అంచు చెదిరిపోతుంది. కళ్ళ కింద సంచులు 45. ముక్కు పక్క మడతలు `Lighten`తో, ఎడమవైపు లైట్ నేరుగా ఉంది కాబట్టి రెండు రాతలు, కుడివైపు నాలుగు. నోటి చివర కిందకి జారే గీతలు 60. పై పెదవి మీద నిలువుగా పడే సన్నటి గీతలు 40.

కళ్ళ పక్కన ఎడమవైపు పెద్ద గీతలు మూడు, కుడివైపు రెండు ఉన్నాయి. ఆ అయిదూ అలాగే ఉంచి, వాటి మధ్య సన్నటివి, కణత దాకా వెళ్ళిన కొసలు తగ్గించి, ఆ లేయర్ 25కి పెట్టాను. రెండు వైపులా సమానం చేయాలని చూడలేదు, ఆవిడ ఎడమ పక్కకి ఎక్కువ నవ్వుతుంది, అది ఆవిడ నవ్వు.

అంతా కలిపి నలభై నిమిషాలు పట్టింది. ఈసారి వాళ్ళమ్మాయి ఏం మార్చారో చూపించమని అడిగింది, చూపిస్తే గానీ తేడా పట్టుకోలేకపోయింది. ఫ్రేమ్ తీసుకెళ్ళారు.

## అయ్యాక చెక్ చేసుకోవడం

ఎక్కువ చేసేశానా లేదా అని ఎలా తెలుసుకోవాలి? చూసి చూసి నాకేం తెలియట్లేదు

కళ్ళు అలవాటు పడిపోతాయి, అందరికీ అంతే. జూమ్ 200లో పనిచేసే కొద్దీ ప్రతి గీతా పెద్ద లోపంలా కనిపిస్తుంది, అందుకే `Ctrl+0` కొట్టి మొత్తం ఫోటో తరచూ చూస్తుండండి. ఇంకా నయం, `Window` మెనూలో `Arrange` కింద `New Window` తెరిస్తే ఒకే ఫోటో రెండు కిటికీల్లో వస్తుంది, ఒకటి దగ్గరగా పెట్టుకుని పనిచేయండి, ఇంకోటి పూర్తిగా కనిపించేలా పక్కన ఉంచండి.

పని అయ్యాక గంట వదిలేయండి. తిరిగొచ్చాక మొదటి చూపులో మీ కన్ను ఎక్కడికి వెళ్ళిందో గమనించండి. కళ్ళకి వెళ్తే సరిగ్గా ఉంది. చర్మం మీదకి వెళ్తే ఎక్కువ చేశారు. అన్ని టచప్ లేయర్లూ ఒక గ్రూప్‌లో పెట్టుకుంటే ఆ గ్రూప్ ఒపాసిటీ ఒక 15 తగ్గించి చూడండి, నా విషయంలో చాలాసార్లు అదే ఫైనల్ అయ్యింది.

చివరిగా ఆ ఇంట్లో ఒకరికి చూపించండి, ఫొటో ఎలా ఉందని అడక్కండి, ఈవిడ ఏ మూడ్‌లో ఉందని అడగండి. నవ్వే ఫోటోకి "బానే ఉంది, మామూలుగా ఉంది" అని జవాబొస్తే ఎక్కడో ఎక్కువ చెరిపారు.

మొహం బాగుంది గానీ మెడ, చేతులు వేరేవాళ్ళవి అన్నట్టున్నాయి

మొహానికి ఎంత తగ్గించారో మెడకీ అంతలో సగమైనా తగ్గించాలి. మెడ అడ్డ గీతల్ని పూర్తిగా తీయొద్దు, గొలుసు వాటిమీదే ఆనుకుని ఉంటుంది, గీత పోతే గొలుసు గాల్లో తేలుతుంది. చేతుల మీద నరాల నీడలు కొంచెం పల్చన చేస్తే చాలు. చెవి తమ్మె కూడా చూడండి, బరువు కమ్మలకి సాగిన చెవి గీతల్ని అందరూ మర్చిపోతారు.

గ్రూప్ ఫోటో అయితే పెళ్ళికూతురు వాళ్ళమ్మకి చేసి పక్కన పెద్దమ్మని వదిలేయకండి, అందరికీ ఒకే పాళ్ళలో చేయండి.

స్క్రీన్ మీద బాగుంది, ప్రింట్‌లో ముడతలు మళ్ళీ కనిపిస్తున్నాయి

ఎక్కువసార్లు మీ స్క్రీన్ బ్రైట్‌నెస్ ఎక్కువ ఉండటం వల్ల. ప్రింట్ అంత వెలుగ్గా ఉండదు, నీడలు ముదురుతాయి, నీడలంటే ముడతలే కదా. బ్రైట్‌నెస్ తగ్గించుకుని పనిచేయండి. ల్యాబ్‌కి పంపేముందు షార్ప్‌నింగ్ మొత్తం ఫోటోకి వేస్తే మీరు తగ్గించిన గీతలన్నీ తిరిగి లేస్తాయి, కళ్ళు, జుట్టు, నగలు, చీర అంచు వరకే మాస్క్ పెట్టి వేయండి. పెద్ద ఫ్రేమ్ అయితే మొహం వరకు చిన్న టెస్ట్ ప్రింట్ తీయించుకోవడం మంచిది.

"ఇరవై ఏళ్ళు తగ్గించేయండి" అని అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

వాదించకండి, రెండు చేసి చూపించండి, ఒకటి మీరు సరైనది అనుకున్నది, ఒకటి వాళ్ళు అడిగినంత. ఫోన్లో పంపొద్దు, చిన్న స్క్రీన్‌లో నున్నటిదే బాగుంటుంది, పెద్ద మానిటర్ మీదో ప్రింట్ మీదో పక్కపక్కన పెట్టండి. అయినా నున్నటిదే కావాలంటే ఇచ్చేయండి, అది వాళ్ళ ఇంటి ఫోటో. దవడ సన్నం చేయడం, కళ్ళు పెద్దవి చేయడం `Liquify`తో అడిగితే మాత్రం నేను వద్దనే చెప్తాను, ముడత తగ్గినా మనిషి మనిషే, ఎముక రూపం మారితే ఇంకెవరో.

చనిపోయిన వాళ్ళ పాత ఫోటో పటం కట్టించడానికి ఇచ్చారు, మడతలు పడి ఉంది. ఏది కాగితం మడత, ఏది మొహం ముడత?

600 డిపిఐలో స్కాన్ చేసి పెద్దది చేసి చూడండి. కాగితం పగులు తిన్నగా పోతుంది, మొహం దాటి బ్యాక్‌గ్రౌండ్ మీదకో చొక్కా మీదకో కూడా వెళ్తుంది, దాని లోపల తెల్ల కాగితం కనిపిస్తుంది. మొహం ముడత వంపుగా, కండరం వెంబడి పోయి చర్మంలోనే ఆగిపోతుంది, తెల్లగా కాకుండా నల్లగా ఉంటుంది. ముందు కాగితం పగుళ్ళన్నీ పూర్తిగా తీసేయండి, అవి పోయాక ముడతలు అనుకున్నంత లేవని తెలుస్తుంది.

ఇలాంటి ఫోటో చాలాసార్లు పెన్షన్ కోసం తీసిన పాస్‌పోర్ట్ సైజు ఒక్కటే ఉంటుంది, జబ్బుతో ఉన్నప్పటిది. జబ్బు వల్ల గుంటపడిన కళ్ళు, పీక్కుపోయిన చెంపల నీడలు తగ్గించమని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. ఆ మనిషి ఆరోగ్యంగా ఉన్న గ్రూప్ ఫోటో ఒకటి, ఎంత చిన్నదైనా, మసకదైనా తెమ్మనండి. చెంప ఎంత నిండుగా ఉండేదో, ఏ ముడతలు అప్పటికే ఉన్నాయో అందులో తెలుస్తుంది, నీడలు అంతవరకే లేపండి.